సెట్‌టాప్ బాక్స్ రికార్డింగ్ ఆగిపోతుంటే హార్డ్ డిస్క్‌ని ఇలా తనిఖీ చేయండి

బాక్స్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి రాత్రి వచ్చే సినిమాకి రికార్డింగ్ పెట్టారు. పొద్దున చూస్తే సగమే ఉంది. లేదా పేరు కనిపిస్తోంది గానీ నొక్కితే ప్లే కావడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని డిస్క్‌ని ఫార్మాట్ కొట్టేయడం. దానితో బాగయ్యే అవకాశం ఉంది గానీ, ఎందుకు ఆగిందో చెప్పగలిగే ఆధారాలన్నీ అందులోనే పోతాయి. కాబట్టి ఫార్మాట్ జోలికి వెళ్లకుండా, ముందు చెడిపోయిన రికార్డింగ్‌నే కాస్త పరిశీలించండి.

ముందుగా: ఎక్కడ ఆగిందో చూడండి

పాత రికార్డింగులు రెండు మూడు తెరిచి, ఒక్కోటి ఎంతసేపటికి ఆగిందో కాగితం మీద రాసుకోండి. అన్నీ దాదాపు ఒకే నిడివి దగ్గర ఆగితే అనుమానం డిస్క్ ఫార్మాట్ మీదికి, అంటే డిస్క్ ఫైళ్లని రాసుకునే పద్ధతి మీదికి వెళ్లాలి. ఒకటి పది నిమిషాలకి, ఇంకోటి గంటన్నరకి, మరోటి బాగానే వస్తే అప్పుడు డిస్క్ ఆరోగ్యాన్నో, దానికి అందే కరెంటునో అనుమానించాలి. అసలు మొదలే కాకపోతే బాక్స్‌కి ఆ డిస్క్ మీద రాయడం కుదరడం లేదన్నమాట.

నిడివి కన్నా ఫైల్ సైజు ఇంకా కచ్చితంగా చెబుతుంది. ప్రసారంలో బిట్‌రేట్ ఛానల్‌ని బట్టి, సీన్‌ని బట్టి మారుతుంటుంది కాబట్టి నిమిషాలు కొంచెం అటూఇటూ అవుతాయి, సైజు మాత్రం మోసం చేయదు. డిస్క్‌ని కంప్యూటర్‌కి పెట్టి రికార్డింగుల ఫోల్డర్ తెరవండి. ఒక్కటే పెద్ద ఫైల్ సరిగ్గా 4 జీబీ దగ్గర తెగిపోయి ఉంటే, డిస్క్ `FAT32` ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. ఆ ఫార్మాట్‌లో ఒక ఫైల్ 4,294,967,295 బైట్లకి మించి పెరగదు. హెచ్‌డీ ఛానల్ సెకనుకి 8 మెగాబిట్ల చొప్పున వస్తోందనుకుంటే, అంటే సెకనుకి ఒక మెగాబైట్, ఆ హద్దు సుమారు 71 నిమిషాలకే వచ్చేస్తుంది. 3 మెగాబిట్ల ఎస్‌డీ ఛానల్ అయితే మూడు గంటల పైన పడుతుంది. అందుకే కొన్ని ఇళ్లలో “హెచ్‌డీ ఛానళ్లే ఆగిపోతున్నాయి, మామూలువి బాగానే వస్తున్నాయి” అంటుంటారు. ఛానల్‌ది తప్పేం లేదు.

ఒక జాగ్రత్త. కొన్ని బాక్సులు కావాలనే ప్రతి రికార్డింగ్‌నీ 1, 2 లేదా 4 జీబీల ముక్కలుగా కోసి పెట్టుకుంటాయి. ఒకే పేరుతో చివర 001, 002 అంటూ వరుసగా ఫైళ్లుంటే అది లోపం కాదు. మొదటి ముక్కతోనే ఆగిపోతేనే ఆలోచించాలి.

కంప్యూటర్‌కి పెట్టినప్పుడు

విండోస్ కంప్యూటర్‌లో పెట్టగానే “ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి” అని ఒక పెట్టె వస్తే కంగారు పడి ఒప్పుకోకండి, `Cancel` నొక్కండి. డిస్క్ పాడైందని దానర్థం కాదు. చాలా బాక్సులు లోపల లినక్స్‌తో నడుస్తాయి, డిస్క్‌ని `ext3`, `ext4`, `XFS` లాంటి ఫార్మాట్లలో పెట్టుకుంటాయి. విండోస్ వాటిని మామూలుగా చదవలేదు, అంతే.

డిస్క్ ఫార్మాట్ తెలుసుకోవాలంటే స్టార్ట్ మెనూలో `diskmgmt.msc` అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కింది భాగంలో డిస్కులన్నీ వరుసగా కనిపిస్తాయి. సైజుని బట్టి మీది గుర్తుపట్టండి. దాని పట్టీ మీద `FAT32`, `NTFS`, `exFAT` అని రాసి ఉంటుంది. ఏ పేరూ లేకుండా ఉత్త సైజు మాత్రమే ఉంటే లినక్స్ ఫార్మాట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఎడమ పక్కన `Disk 1` లాంటి పెట్టె మీద రైట్ క్లిక్ చేసి `Properties`లో `Volumes` తెరిస్తే `Partition style` అని ఇంకో వరస ఉంటుంది, అది కూడా రాసుకోండి. లినక్స్ కంప్యూటర్ ఉంటే పని ఇంకా తేలిక:

```
lsblk -o NAME,SIZE,FSTYPE,LABEL,MODEL
```

ఇప్పుడు కనబడినదాన్ని ఇలా అర్థం చేసుకోవాలి. `FAT32` అయితే పైన చెప్పిన 4 జీబీ గోడ ఉంది. `exFAT` అయితే ఫైల్ సైజు బెడద లేదు గానీ, దాన్ని అసలు గుర్తుపట్టని బాక్సులు చాలానే ఉన్నాయి. `NTFS` దగ్గర ఇంకో చిక్కుంది: కొన్ని బాక్సులు అందులోని సినిమాలని ప్లే చేస్తాయి గానీ దాని మీద రాయవు. పాటలు, సినిమాలు బాగా ఆడుతున్నాయి కదా, రికార్డింగ్ ఎందుకు కాదని జనం తల పట్టుకునేది ఇక్కడే. చదవడం వేరు, రాయడం వేరు.

రాయగలిగే బాక్స్ కూడా `NTFS` డిస్క్‌ని ఒక్కోసారి చదవడానికే పరిమితం చేస్తుంది. డిస్క్‌ని సరిగా ఎజెక్ట్ చేయకుండా లాగేసినా, విండోస్ హైబర్నేట్ అయి ఉండగా తీసేసినా డిస్క్ మీద ఒక గుర్తు ఉండిపోతుంది. దాన్ని చూసి బాక్స్ ముట్టుకోదు. అప్పుడు కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి. `E:` దగ్గర మీ డిస్క్ అక్షరం పెట్టుకోవాలి.

```
chkdsk E: /f
```

అయ్యాక టాస్క్‌బార్‌లోంచి ఎజెక్ట్ చేసి తీసి బాక్స్‌కి పెట్టండి.

ఇక పార్టిషన్ స్టైల్, అంటే డిస్క్‌ని భాగాలుగా విభజించి రాసుకునే పద్ధతి గురించి రెండు మాటలు. `MBR` పద్ధతి దాదాపు 2 టీబీ వరకే చేరుకోగలదు, ఆపైన `GPT` కావాలి. పాత బాక్సుల్లో కొన్నింటికి `GPT` తెలియదు. 4 టీబీ డిస్క్ కొని పెడితే బాక్స్ చూడనట్టే ఊరుకుంటే కారణం ఇది కావచ్చు. బాక్స్ మాన్యువల్‌లో గరిష్ఠ సైజు ఎంతని రాసి ఉందో చూశాకే పెద్ద డిస్క్ కొనడం మంచిది.

ఫార్మాట్ చేయాల్సి వస్తే బాక్స్‌లోనే చేయండి

ఏ ఫార్మాట్ మంచిదని అడిగితే నా జవాబు ఒక్కటే: బాక్స్ తనంతట తాను చేసుకునేదే మంచిది. సెట్టింగుల్లో స్టోరేజ్ లేదా రికార్డింగ్ అనే భాగంలో ఫార్మాట్ ఆప్షన్ ఉంటుంది. కొన్ని బాక్సులు ఫైల్ సిస్టమ్ ఏది కావాలని అడుగుతాయి. ఆ జాబితాలో `ext4` ఉంటే దాన్నే ఎంచుకోండి. డిస్క్‌ని కంప్యూటర్‌లో కూడా వాడుకోవాలనే ఆశతో `FAT32` ఎంచుకోకండి. ఒకే డిస్క్‌ని రెండు చోట్లా తిప్పుతుంటేనే ఈ గొడవలన్నీ వస్తాయి.

ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయని వేరే చెప్పక్కర్లేదు. పాత రికార్డింగులని ముందే కాపీ చేసి దాచుకోవాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: చాలా పే టీవీ బాక్సులు రికార్డింగ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తాయి. అలాంటి ఫైళ్లు వేరే బాక్స్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ ఆడవు. కాబట్టి ముందు ఒక్కటి కాపీ చేసి ఆడుతుందో లేదో చూడండి, తర్వాతే మిగతావాటి మీద టైం పెట్టండి.

బాక్స్‌కి డిస్క్ కనిపిస్తోంది గానీ ఫార్మాట్ మధ్యలో ఫెయిలవుతుంటే, కంప్యూటర్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి ఆ డిస్క్ మీదున్న వాల్యూమ్‌లన్నీ డిలీట్ చేసి ఖాళీగా వదిలేయండి. చాలా బాక్సులు ఖాళీ డిస్క్‌ని చూసి ఫార్మాట్ చేయమంటారా అని వాటంతటవే అడుగుతాయి.

ఫార్మాట్ మార్చినా ఆగుతుంటే: ఆరోగ్యం చూడాలి

ఒక 1 టీబీ పాకెట్ డిస్క్ సంగతి చెబుతాను. మొదట దాని బాధ పుస్తకంలో రాసినట్టే ఉంది: హెచ్‌డీ రికార్డింగులన్నీ గంటా పది నిమిషాల ప్రాంతంలో ఆగడం, ఫైల్ 4 జీబీ దగ్గర తెగడం, ఫార్మాట్ `FAT32`. బాక్స్‌లో `ext4`కి మార్చగానే మూడు గంటల మ్యాచ్ మొత్తం ఒక్క ఫైల్‌గా వచ్చింది. అంతా సర్దుకుందనుకుంటే, కొన్నాళ్లకి రికార్డింగులు ఎక్కడపడితే అక్కడ ఆగడం మొదలైంది. ఒక సీరియల్ ఎపిసోడ్ ప్లే చేస్తే ప్రతిసారీ ఒకే చోట బొమ్మ బిగుసుకుపోతోంది.

ఇలా ఒకే చోట బిగుసుకుంటే రెండు కారణాలు ఉండొచ్చు. రికార్డయ్యే సమయంలో వానకో గాలికో సిగ్నల్ తెగి ఉండాలి, లేదా డిస్క్ ఆ చోటుని చదవలేకపోతుండాలి. తేల్చడానికి ఆ ఫైల్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి. విండోస్‌కి డిస్క్ కనిపించకపోతే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ బూట్ చేస్తే సరిపోతుంది. కాపీ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా జరిగితే డిస్క్ చదువుతున్నట్టే, తప్పు రికార్డింగ్‌లోనే ఉంది. కాపీ ఒకచోట నిలిచిపోయి, డిస్క్‌లోంచి కరకరమని చప్పుడొచ్చి, చివరికి ఎర్రర్ ఇస్తే తప్పు డిస్క్‌దే. ఈ డిస్క్ రెండోపని చేసింది.

అప్పుడు చూడాల్సింది స్మార్ట్ లెక్కలు. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చిట్టా ఇది. విండోస్‌లో `CrystalDiskInfo` అనే ఉచిత ప్రోగ్రాంతో చూడొచ్చు. ఫార్మాట్ ఏదైనా సరే, `ext4` అయినా ఇది చదువుతుంది, ఎందుకంటే ఇది ఫైళ్ల జోలికి వెళ్లదు, డిస్క్‌నే అడుగుతుంది. అంకెలు మొదట హెక్సాలో కనిపించి తికమక పెడతాయి. మెనూలో `Function > Advanced Feature > Raw Values > 10 [DEC]` ఎంచుకుంటే మామూలు అంకెలు వస్తాయి. లినక్స్‌లో అయితే `smartmontools` ఇన్‌స్టాల్ చేసుకుని, `sdb` దగ్గర `lsblk`లో కనిపించిన మీ డిస్క్ పేరు పెట్టి ఇలా:

```
sudo smartctl -d sat -a /dev/sdb
```

చిట్టాలో చాలా వరసలు ఉంటాయి. అన్నీ చదివి టెన్షన్ పడొద్దు, మనకి మూడు చాలు. డిస్క్ మీద డేటా రాసుకునే చిన్న చిన్న గడులని సెక్టార్లు అంటారు. `05` అంటే పాడైపోయి, స్పేర్ జాగాకి మార్చేసిన సెక్టార్ల లెక్క. `C5`, దీన్నే `smartctl`లో `197` అని చూపిస్తుంది, డిస్క్ చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్ల లెక్క. `C6` లేదా `198` అంటే తనంతట తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి. మూడూ సున్నా ఉంటే చాలావరకు నిశ్చింత. పైన `Good` అని నీలం రంగులో ఉందని మాత్రం తృప్తి పడకండి, ఈ మూడు అంకెల్నీ కళ్లతో చూడండి.

ఇక్కడ `chkdsk`తో చాలామంది పొరబడుతుంటారు. “ఏ లోపమూ లేదని చూపించింది కదా, డిస్క్ మంచిదే” అనుకుంటారు. `/f`తో నడిపితే అది చూసేది ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిగా ఉన్నాయా అని. కింద ఉన్న పళ్లెం మీద గీత పడిందా లేదా అనేది దానికి పట్టదు. రెండూ వేర్వేరు తనిఖీలు.

మన డిస్క్‌లో `05` సున్నా, `C5` మాత్రం 24. అంటే మూడు చోట్ల దెబ్బ తగిలిందని నా లెక్క. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి అసలు సెక్టార్ 4096 బైట్లు, లెక్క మాత్రం 512 బైట్ల చొప్పున చూపిస్తుంటాయి. అందుకే ఈ అంకె తరచు ఎనిమిదేసి చొప్పున పెరుగుతుంది.

రికార్డింగ్ ఆగడానికీ దీనికీ సంబంధం ఏమిటంటే, బాక్స్‌లో మెమరీ చాలా చిన్నది. డిస్క్ ఒక చెడ్డ చోట ఇరుక్కుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కొన్ని సెకన్లు జవాబివ్వకపోతే, వస్తున్న ప్రసారం ఆ మెమరీలో నిండిపోతుంది. అప్పుడు బాక్స్ విసిగి రికార్డింగ్ ముగించేస్తుంది. వేగం చాలక కాదు, సెకనుకి ఒక మెగాబైట్ రాయడం ఎంత పాత డిస్క్‌కైనా లెక్కలోది కాదు. జవాబు టైంకి రాకపోవడమే అసలు గొడవ.

అనుమానపు సెక్టార్లని తేల్చడం

`C5`లో అంకె ఉందంటే డిస్క్ చచ్చిందని కాదు. రాస్తుండగా కరెంటు పోయినా సెక్టార్ సగం రాసినట్టయి అనుమానంలోకి వెళ్తుంది. దాని మీద కొత్తగా రాస్తేనే అసలు విషయం బయటపడుతుంది. చోటు బాగుంటే అనుమానం తీసేస్తుంది, పాడైతే స్పేర్‌కి మారుస్తుంది. కాబట్టి డిస్క్ మొత్తం ఒకసారి రాయించాలి. కావలసిన ఫైళ్లన్నీ కాపీ చేసుకున్నాకే ఈ పని.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత వాల్యూమ్ డిలీట్ చేసి `New Simple Volume` ఎంచుకోండి, ఫార్మాట్ `NTFS` పెట్టండి, `Perform a quick format` దగ్గర టిక్ తీసేయండి. అసలు కిటుకు ఆ టిక్కే. అది ఉంటే డిస్క్ మీద పైపైన నాలుగు గీతలు గీసి వదిలేస్తుంది, తీసేస్తే ప్రతి సెక్టార్ మీదా రాస్తుంది. `Disk 0` సాధారణంగా కంప్యూటర్ సొంత డిస్క్ అవుతుంది, పొరపాటున దాన్ని ముట్టుకోకండి. సైజు రెండుసార్లు చూసుకున్నాకే ముందుకెళ్లండి. 1 టీబీకి యూఎస్‌బీ 3 పోర్ట్‌లో మూడు గంటల దాకా పట్టొచ్చు, యూఎస్‌బీ 2 అయితే ఎనిమిది గంటలు దాటొచ్చు. రాత్రి పెట్టి పడుకోవడమే, కంప్యూటర్ మాత్రం స్లీప్‌లోకి వెళ్లకుండా చూడండి.

అయ్యాక స్మార్ట్ లెక్క మళ్లీ చూస్తే మన డిస్క్‌లో `C5` సున్నాకి దిగింది, `05` మాత్రం 8 అయింది. రెండు చోట్లు కోలుకున్నాయి, ఒకటి నిజంగానే పోయింది. ఇప్పుడు డిస్క్‌తో లోపలి పరీక్ష చేయించాలి:

```
sudo smartctl -d sat -t long /dev/sdb
```

ఇది వెనకాల నడుస్తుంది, ఎంతసేపు పడుతుందో అదే చెబుతుంది. మధ్యలో డిస్క్ నిద్రపోతే పరీక్ష ఆగిపోతుంది, యూఎస్‌బీ డిస్కులకి ఈ జబ్బు ఎక్కువ. అయ్యాక పైన ఇచ్చిన `-a` కమాండ్ మళ్లీ ఇస్తే కనిపించే ఫలితంలో `Completed without error` అని రావాలి. `Completed: read failure` అంటే ఇంకా చదవలేని చోటుందని అర్థం. మన డిస్క్‌ది బాగానే వచ్చింది. బాక్స్‌లో మళ్లీ ఫార్మాట్ చేసి వాడొచ్చు, పోయినా బాధ లేని కార్యక్రమాల వరకే. `05` ఒక అంకె దగ్గర కదలకుండా ఉన్నన్నాళ్లు డిస్క్ పనిచేస్తుంది. చూసిన ప్రతిసారీ పెరుగుతుంటే మాత్రం రిపేర్ల మీద టైం వృథా చేయకండి, మార్చేయండి.

అంకెలు శుభ్రంగా ఉండి కూడా ఆగుతుంటే

ఇక మిగిలేది కరెంటు. యూఎస్‌బీ 2 పోర్ట్ ప్రమాణం ప్రకారం 500 మిల్లీఆంప్స్ ఇస్తుంది, యూఎస్‌బీ 3 పోర్ట్ 900. పాకెట్ డిస్క్ లోపలి మోటార్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు ఒక ఆంపియర్ దాకా లాగగలదు. కంప్యూటర్‌లో హాయిగా నడిచిన డిస్క్ బాక్స్‌కి పెట్టగానే టిక్కుటిక్కుమంటే కారణం ఇదే.

చప్పుడు వినబడకపోయినా పట్టుకునే ఉపాయం ఒకటుంది. స్మార్ట్ చిట్టాలో `0C`, అంటే `12` నంబరు వరస, డిస్క్ ఎన్నిసార్లు ఆన్ అయిందో లెక్కపెడుతుంది. ఆ అంకె రాసుకుని డిస్క్‌ని బాక్స్‌కి పెట్టండి, స్టాండ్‌బైలో పెట్టకుండా ఒక పెద్ద రికార్డింగ్ చేయించి, మళ్లీ కంప్యూటర్‌కి తెచ్చి చూడండి. బాక్స్ దగ్గర ఒకటి, కంప్యూటర్ దగ్గర ఒకటి, మొత్తం రెండే పెరగాలి. అయిదో ఆరో పెరిగిందంటే మధ్యలో కరెంటు చాలక డిస్క్ ఆరిపోయి వెలుగుతోంది. ముందు పొట్టి, మందపాటి కేబుల్ పెట్టి చూడండి. బాక్స్‌కి రెండు పోర్టులుంటే రెండోది కూడా ప్రయత్నించండి. లొంగకపోతే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి, లేదా అడాప్టర్‌తో వచ్చే 3.5 అంగుళాల డిస్క్‌కి మారండి.

కేబుల్ అనుమానం వచ్చినప్పుడు `C7` అంకె చూడమని కొందరు చెబుతారు. అది లెక్కపెట్టేది డిస్క్‌కీ, దాని పెట్టెలోని యూఎస్‌బీ సర్క్యూట్‌కీ మధ్య వచ్చే తప్పులని. మీ చేతిలో ఉన్న యూఎస్‌బీ కేబుల్ తెగినా ఆ అంకె కదలదు. కేబుల్ సంగతి తేలాలంటే ఇంకో కేబుల్‌తో ఒక రికార్డింగ్ చేసి చూడాల్సిందే.